మూడు నూనెలు, ఒకే అద్దె: నెలకు ఎన్ని లీటర్లు అమ్మితే గానుగకు నష్టం ఉండదు?

ప్రశ్న: "అన్నా, అనంతపురంలో కట్టె గానుగ పెట్టాను. వేరుశనగ నూనె లీటరు 300, నువ్వుల నూనె 480, కొబ్బరి నూనె 420కి అమ్ముతున్నా. పది లీటర్లు పోతే అందులో ఆరు వేరుశనగ, మూడు నువ్వులు, ఒకటి కొబ్బరి. అద్దె 14,000, నాకు, పనిమనిషికి కలిపి జీతాలు 27,000, బ్యాంకు వడ్డీ 6,800, మిషన్ అరుగుదల 6,500, ఫోను, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ వగైరా 1,500. నెలకు ఎన్ని లీటర్లు అమ్మితే నష్టం ఉండదు? ఈ ఖర్చును మూడు నూనెలకూ సమానంగా పంచి చూస్తే కొబ్బరి నూనె భారీ నష్టంలో కనిపిస్తోంది. దాన్ని మానేయాలా?"

జవాబు: దాదాపు 600 లీటర్లు. అందులో 360 వేరుశనగ, 180 నువ్వులు, 60 కొబ్బరి. కొబ్బరి నూనె మానేయొద్దు, మానేస్తే నెలకు ఇంకో 3,600 పోతుంది. అద్దెను నూనెల మధ్య పంచడం ఆపేయండి, తిరకాసు అంతా అక్కడే ఉంది.

600 ఎలా వచ్చిందో చెబుతాను. మీరు అమ్మే ధరలు ఇచ్చారు గానీ గింజల ఖర్చు ఇవ్వలేదు. నేను మన వైపు చిన్న యూనిట్లకు లెక్కలు చూస్తుంటాను, వాటిలో గానుగలూ ఉన్నాయి. అక్కడ కనిపించే స్థాయిలో గుండ్రటి అంకెలు వేశాను. మీ పుస్తకంలోని అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి, పద్ధతి మారదు.

మొదట ఒక్కో లీటరు అమ్మినప్పుడు ఆ లీటరు కోసమే అయిన ఖర్చు పోగా ఎంత మిగులుతుందో చూడాలి. అదే కాంట్రిబ్యూషన్. వేరుశనగ తీసుకుందాం. లీటరు నూనెకు 2.5 కిలోల గింజలు పడతాయనుకుందాం, కిలో 104 చొప్పున 260. బాటిలు, మూత, లేబులు, మిషన్ తిరిగినందుకు కాలిన కరెంటు కలిపి 20. మొత్తం 280. అయితే ఆ గింజల నుంచి కిలోన్నర చెక్క కూడా వస్తుంది, పాడి రైతులు కిలో 40కి తీసుకుపోతారు, అది 60. కాబట్టి లీటరు వేరుశనగ నూనె అసలు ఖర్చు 220. మీరు అమ్మేది 300. మిగులు 80.

ఇదే తీరున నువ్వుల నూనెకు గింజలు 390, బాటిలు, కరెంటు 20, తెలగపిండి అమ్మితే వచ్చే 60 తీసేస్తే ఖర్చు 350, మిగులు 130. కొబ్బరికి ఎండు కొబ్బరి 360, బాటిలు, కరెంటు 20, చెక్క మీద వచ్చేది 20, ఖర్చు 360, మిగులు 60. చూశారా, 420కి అమ్మే నూనె మీద 60 మిగులుతోంది, 300కి అమ్మేదాని మీద 80. ధర చూసి ఏది లాభమో చెప్పలేం.

ఇప్పుడు పది లీటర్లను ఒక సెట్టు అనుకోండి. మీరే చెప్పారు, పదిలో ఆరు, మూడు, ఒకటి అని.

ఆరు లీటర్ల వేరుశనగ మీద 480. మూడు లీటర్ల నువ్వుల మీద 390. ఒక లీటరు కొబ్బరి మీద 60. సెట్టు మీద మొత్తం 930. అంటే సగటున లీటరుకు 93. దీన్నే వెయిటెడ్ యావరేజ్ కాంట్రిబ్యూషన్ అంటారు. మూడు మిగుళ్లనూ కూడి మూడుతో భాగించడం కాదు, ఏది ఎంత పోతోందో ఆ బరువుతో తీసిన సగటు.

మీ ఫిక్స్‌డ్ ఖర్చులు కూడితే 55,800. దాన్ని 93తో భాగిస్తే 600 లీటర్లు. సెట్ల లెక్కన 60 సెట్లు. సెట్టులో ఆరు, మూడు, ఒకటి కాబట్టి 360, 180, 60. సరిచూసుకోండి: 360 లీటర్ల మీద 28,800, 180 మీద 23,400, 60 మీద 3,600. మొత్తం సరిగ్గా 55,800. లాభం లేదు, నష్టం లేదు. ఈ అంకెనే బ్రేక్ ఈవెన్ అంటారు.

నెలకు పాతిక రోజులు కొట్టు తెరిస్తే రోజుకు 24 లీటర్లు. లెక్క మొత్తం ఇంతే. అయితే ఇందులోకి వెళ్లే అంకెలు ఎక్కడ తప్పుతాయో, వచ్చిన 600ను ఎలా చదవాలో అక్కడే చాలామంది తడబడతారు.

కొబ్బరి నూనె ఎందుకు నష్టంలా కనిపించింది

మీరు 55,800ను మూడుగా పంచారు, ఒక్కోదానికి 18,600. కొబ్బరి మీద వచ్చింది 3,600. తేడా 15,000 నష్టంగా కనిపించింది. అదే లెక్కతో ముందుకు పోతే కొబ్బరి నూనె తన వాటా అద్దెను తనే మోయడానికి నెలకు 310 లీటర్లు అమ్మాలి. మీ కొట్టులో పదికి ఒకటి పోయే సరుకు అది. ఆ 310 ఎప్పటికీ రాదు, రావలసిన అవసరమూ లేదు.

షాపు ఓనర్ మీకు అద్దెను నూనెల వారీగా రాసి ఇవ్వలేదు కదా. కొబ్బరి మానేసినంత మాత్రాన అద్దె 14,000 నుంచి తగ్గదు, పనిమనిషి జీతం తగ్గదు, వడ్డీ తగ్గదు. 55,800 అలాగే ఉంటుంది, 3,600 మాత్రం పోతుంది. సమానంగా కాకుండా లీటర్లను బట్టి పంచినా, అమ్మకం విలువను బట్టి పంచినా ఇదే గొడవ. పంచే పద్ధతి మార్చిన ప్రతిసారీ ఏదో ఒక నూనె 'నష్టం'లోకి పోతుంది, ఇంకోటి బయటికి వస్తుంది. గల్లాపెట్టెలో డబ్బు మాత్రం అంతే ఉంటుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, జాగ్రత్తగా చూడండి. కొబ్బరి తీసేస్తే సెట్టు తొమ్మిది లీటర్లు అవుతుంది, దాని మీద మిగులు 870. సగటు లీటరుకు 96 రూపాయల 67 పైసలు. 55,800ను దానితో భాగిస్తే 578 లీటర్లు. అంటే బ్రేక్ ఈవెన్ 600 నుంచి 578కి తగ్గింది. కాగితం మీద చూస్తే మానేయడమే మంచిదనిపిస్తుంది. కానీ కొబ్బరి నూనె కొన్న మనిషి అది లేకపోతే దాని బదులు వేరుశనగ నూనె పట్టుకుపోడు, తలకు రాసుకోవడానికి వచ్చినవాడు అతను. కాబట్టి మీరు అమ్మేది 540 లీటర్లే. 578 కావాలి, 540 ఉంది. ఆ లోటు 38 లీటర్లను 96.67తో గుణించి చూడండి, ఇంచుమించు 3,600 కొంచెం అటూ ఇటూగా వస్తుంది. పోయిన కొబ్బరి మిగులే అది.

కొబ్బరి మానేయడం సరైన పని అయ్యే సందర్భాలు రెండు. ఒకటి, దాని మిగులు సున్నా కంటే కిందికి పోవడం. ఎండు కొబ్బరి కిలో 200 అని వేశాను, లీటరుకు కిలో 800 గ్రాముల లెక్కన. కిలో మీద 34 రూపాయలు పెరిగి మీరు ధర పెంచలేకపోతే ఆ 60 ఆవిరైపోతుంది. రెండు, కొబ్బరి ఆడించే గంటల్లో మిషన్ ఖాళీ లేక నువ్వుల ఆర్డరు వదులుకోవాల్సి రావడం. మీ స్థాయిలో రెండోది ఇప్పట్లో వచ్చేలా లేదు.

నిష్పత్తి మారితే 600 చెల్లదు

ఈ మొత్తం లెక్క ఒక్క ఊహ మీద నిలబడింది: ఆరు, మూడు, ఒకటి అన్న వాటా నెలంతా అలాగే ఉంటుందని. నూనె కొట్టులో అది ఉండదు. కార్తీక మాసంలో దీపాలకు నువ్వుల నూనె అడుగుతారు. అప్పుడు వాటా ఐదు, నాలుగు, ఒకటికి వచ్చిందనుకుందాం. సెట్టు మీద మిగులు 400, 520, 60 కలిపి 980, సగటు 98. బ్రేక్ ఈవెన్ 570 లీటర్లు.

కార్తీకం పోయాక నువ్వుల అమ్మకం పడిపోయి ఎనిమిది, ఒకటి, ఒకటి అయిందనుకోండి. మిగులు 640, 130, 60, మొత్తం 830. సగటు 83. ఇప్పుడు 673 లీటర్లు కావాలి. అదే అద్దె, అవే ధరలు, అదే మిషన్. రెండు నెలల మధ్య వంద లీటర్లకు పైగా తేడా వచ్చింది.

ఆ రెండో నెలలో మీరు సరిగ్గా 600 లీటర్లు అమ్మారనుకోండి. లీటర్ల పుస్తకం చూసి 'టార్గెట్ అందుకున్నాం' అనుకుంటారు. నిజానికి 480 వేరుశనగ మీద 38,400, 60 నువ్వుల మీద 7,800, 60 కొబ్బరి మీద 3,600, కలిపి 49,800. ఆరు వేలు నష్టం. ఒక్క లీటరు కూడా తగ్గకుండా నష్టం వచ్చింది. ఇలాంటి నెలలో ఓనర్లు సాధారణంగా పనిమనిషిని అనుమానిస్తారు, లేదా బిల్లులు తప్పాయనుకుంటారు. ముందు వాటా చూడండి.

అందుకే నేను గత మూడు నెలల బిల్లులు కూడి వాటా తీయమంటాను, పండగ నెలను విడిగా ఉంచమంటాను. 'ఆరు, మూడు, ఒకటి' అని నోటితో చెప్పేది చాలాసార్లు కొట్టు పెట్టిన కొత్తలో గుర్తున్న అంకె. మీది అలాంటిదే అంటున్నానని అనుకోకండి, ఒకసారి బిల్లులతో సరిచూసుకోండి చాలు.

మామూలు సగటుతో వేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 80, 130, 60 కూడి మూడుతో భాగిస్తే 90. దానితో 620 లీటర్లు వస్తుంది. 600కు దగ్గరగానే ఉంది కదా అనిపిస్తుంది. అది మీ వాటాలో కలిసొచ్చిన విషయం. ఎనిమిది, ఒకటి, ఒకటి అయిన నెలలో కూడా ఆ సగటు 90 అనే చెబుతుంది, 620 చాలంటుంది. నిజంగా కావలసింది 673.

చెక్కను నాలుగో సరుకుగా వేయకండి

గానుగ లెక్కల్లో నేను తరచూ చూసేది ఇది. నూనెలు మూడు, చెక్క నాలుగోది అని సెట్టులో కలిపేస్తారు. చెక్క కిలోల్లో ఉంటుంది, నూనె లీటర్లలో. రెండూ కూడితే ఏ కొలతకూ చెందని అంకె వస్తుంది. పైగా చెక్క మీరు అమ్మాలనుకుని తయారు చేసేది కాదు, నూనె తీస్తే దానంతటదే వచ్చేది. వేరుశనగ నూనె పెరిగితే చెక్క పెరుగుతుంది, విడిగా పెంచలేరు, తగ్గించలేరు. అందుకే పైన చేసినట్టు చెక్క మీద వచ్చే డబ్బును ఆ నూనె ఖర్చులోంచే తీసేయాలి.

అలా తీసేస్తే ఒక నిజం బయటపడుతుంది. చెక్క ధర కిలో 40 నుంచి 30కి దిగిందనుకోండి. వేరుశనగ మిగులు 80 నుంచి 65 అవుతుంది, నువ్వుల మిగులు 130 నుంచి 115. కొబ్బరిని అలాగే ఉంచుదాం. మీ ఆరు, మూడు, ఒకటి వాటాతో సగటు 93 నుంచి 79 రూపాయల 50 పైసలకు పడుతుంది. బ్రేక్ ఈవెన్ 702 లీటర్లు. నూనె ధర కదలలేదు, గింజల ధర కదలలేదు, అమ్మకం వాటా కదలలేదు. పశువుల దాణాకు పోయే సరుకు మీద పది రూపాయలు తగ్గితే నూనె 100 లీటర్లు ఎక్కువ అమ్మాలి. నూనె రేటు గురించి రోజూ టెన్షన్ పడేవాళ్లు చెక్క రేటును నెలకోసారైనా చూడరు.

అమ్మిన చెక్కనే లెక్కలోకి తీసుకోండి, గోడ పక్కన బస్తాల్లో ఉన్నదాన్ని కాదు. పాత చెక్క ముక్క వాసన వస్తే రైతు తీసుకోడు, తీసుకున్నా రేటు కోస్తాడు. బస్తా ఖర్చు, ఆటో ఖర్చు మీరే పెట్టుకుంటే అవి పోగా చేతికి వచ్చిందే కిలో రేటు.

ఇక్కడే కొలత మాట ఒకటి. వేరుశనగ నూనె లీటరు బరువు సుమారు 910 గ్రాములు. గానుగ దగ్గర నూనెను తూకం వేసి కిలోల్లో రాసి, కౌంటర్లో లీటర్లలో అమ్మేవాళ్లున్నారు. రెండున్నర కిలోల గింజలకు ఒక లీటరా, ఒక కిలోనా అన్నది స్పష్టంగా లేకపోతే గింజల ఖర్చు దగ్గరే పది శాతం దాకా తప్పుతుంది. లీటరు మీద 260 ఖర్చులో అది పాతిక రూపాయలు, అంటే 80 మిగులులో మూడో వంతు. ఒక వాయి గింజలు తూచి పోసి, వచ్చిన నూనె మడ్డి దిగాక లీటర్లలో కొలిచి, చెక్క తూచి, మూడూ రాసుకోండి. పాత గింజలకూ కొత్త గింజలకూ నూనె దిగుబడి ఒకేలా ఉండదు కాబట్టి లాటు మారినప్పుడల్లా చేయాలి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకోటి చూడండి. మీ 300లో పన్ను కలిసే ఉంటే ఆ 5 శాతం మీది కాదు. 300ను 1.05తో భాగిస్తే 285 రూపాయల 71 పైసలు, అప్పుడు మిగులు 80 కాదు, 66కు లోపే. పన్ను తీసేసిన ధరతోనే లెక్క మొదలుపెట్టండి. నేను మీ ధరలను పన్ను లేని ధరలుగా తీసుకున్నాను.

బ్రేక్ ఈవెన్ పెరగడం ఎప్పుడూ చెడ్డది కాదు

మన జిల్లాలోనే ఇంకో గానుగ ఓనరు ఒకాయన ఇలాంటి టెన్షన్‌తోనే వచ్చాడు. ఆయన అంకెలు మీవాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి మీ అంకెల్లోనే చెబుతాను. నెలకు 600 లీటర్లు పోతున్న కొట్టుకు ఒక హాస్టల్ నుంచి వేరుశనగ నూనె టిన్నుల ఆర్డరు వచ్చింది, నెలకు 200 లీటర్లు. రేటు బాగా తక్కువ అడిగారు, లీటరు మీద మిగులు 45 మాత్రమే. ఆయన కొడుకు కంప్యూటర్లో వేసి చూస్తే బ్రేక్ ఈవెన్ 600 నుంచి 689కి ఎగబాకింది. 'ఆర్డరు తీసుకుంటే మనం ఇంకా కష్టపడాలి, వద్దు' అన్నాడట.

లెక్క తప్పు కాదు. 600 లీటర్ల మీద 55,800, 200 లీటర్ల మీద 9,000, మొత్తం 64,800. 800 లీటర్లతో భాగిస్తే సగటు 81. బ్రేక్ ఈవెన్ 689, నిజమే. కానీ అమ్మేది కూడా 800 అయింది. 600 దగ్గర లాభం సున్నా, ఇప్పుడు 9,000. టిన్నులు కడిగి నింపడానికి కొత్త మనిషి అక్కర్లేదు, మిషన్ మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉంటోంది. తీసుకోమన్నాను.

కొబ్బరి మానేస్తే బ్రేక్ ఈవెన్ తగ్గి నష్టం పెరిగింది. హాస్టల్ ఆర్డరు తీసుకుంటే బ్రేక్ ఈవెన్ పెరిగి లాభం వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. బ్రేక్ ఈవెన్ లీటర్లు ఒక వాటాకు మాత్రమే జవాబు. రెండు వేర్వేరు వాటాల మధ్య ఏది మేలో తేల్చాలంటే ఆ లీటర్లను పోల్చకూడదు, మొత్తం మిగులు ఎంత మారిందో, ఫిక్స్‌డ్ ఖర్చు ఎంత మారిందో ఆ రెండే చూడాలి.

ఆ ఆర్డరులో నేను భయపడింది వేరే విషయానికి. హాస్టల్ వార్డెన్లు, వంటవాళ్లు టిన్ను రేటు బయట చెబుతారు. కొట్టుకు వచ్చే పాత కస్టమరు కూడా 'నాకూ ఆ రేటుకే ఇవ్వు' అంటే ఏమవుతుంది? లీటరు మీద 80 మిగిలే బాటిలు 45 మిగిలే టిన్నుగా మారిపోతుంది. 9,000 లాభం మాయం కావడానికి అలా మారాల్సినవి ఎన్నో లెక్క కట్టాం: ఒక్కో లీటరు మీద 35 పోతుంది, 9,000ను 35తో భాగిస్తే సుమారు 257 లీటర్లు. 360లో 257 అంటే ముగ్గురిలో ఇద్దరి కంటే ఎక్కువే మారాలి. అంతమంది మారరనే ధైర్యంతో ఆయన ఒప్పుకున్నాడు. టిన్నును మాత్రం విడి సరుకుగా, విడి వరుసలో రాయమన్నాను. వేరుశనగ కింద కలిపేస్తే ఆ 80 అన్న అంకె నెల నెలా కరిగిపోతుంటుంది, ఎందుకో తెలియదు. మీరు అర లీటరు బాటిళ్లు అమ్ముతుంటే వాటికీ ఇదే పని చేయండి. లీటరు నూనెకు అక్కడ రెండు బాటిళ్లు, రెండు లేబుళ్లు పడతాయి.

రైతులు సొంత గింజలు తెచ్చి ఆడించుకుంటుంటే

మీరు రాయలేదు గానీ మన ఊళ్లలో ప్రతి గానుగకూ ఈ పని వస్తుంది. అక్కడ నూనె మీది కాదు, మీకు వచ్చేది కిలోకు ఇంత అని కూలి. దాన్ని లీటర్ల సెట్టులో ఎలా ఇరికించాలని అడుగుతారు. ఇరికించొద్దు. నెలకు కాస్త నిలకడగా వస్తుంటే కరెంటు పోగా అందులో మిగిలిందాన్ని ఫిక్స్‌డ్ ఖర్చులోంచి నేరుగా తీసేయండి. నెలకు 4,650 మిగులుతోందనుకోండి. అప్పుడు నూనె అమ్మకం మోయాల్సింది 51,150. 93తో భాగిస్తే 550 లీటర్లు. అయితే బుడ్డలు పీకి ఆరబెట్టిన తర్వాతి నెలల్లో వచ్చే కూలిని ఏడాదంతా వస్తుందని పరచుకోకండి. తక్కువ వచ్చే నెల అంకె వేసుకుంటే చాలు.

లీటర్లలో కలవని సరుకులు, అంటే తేనె, బెల్లం, పొడులు లాంటివి కొట్టులో పెట్టారా, అప్పుడు రూపాయల్లో వేయాలి. మొత్తం మిగులును మొత్తం అమ్మకంతో భాగించండి. మీ నూనెలకు 55,800ను 2,19,600తో భాగిస్తే 25.41 శాతం. ఫిక్స్‌డ్ ఖర్చును ఆ శాతంతో భాగిస్తే నెలకు కావలసిన అమ్మకం 2,19,600 రూపాయలు. ఇక్కడ ఒక పొరపాటు మాత్రం చేయకండి: శాతాలకు లీటర్ల వాటా వేయకూడదు, అమ్మకం రూపాయల వాటా వేయాలి. కొబ్బరి లీటర్లలో పదో వంతు అయినా రూపాయల్లో 11 శాతం దాటుతుంది, వేరుశనగ లీటర్లలో 60 శాతం అయినా రూపాయల్లో 49 మాత్రమే.

షీటులో వేసుకోవాలంటే B2 నుంచి B4 దాకా వాటా (6, 3, 1), C2 నుంచి C4 దాకా లీటరు మిగులు (80, 130, 60), E1లో ఫిక్స్‌డ్ ఖర్చు పెట్టి ఇది రాయండి:

```
=ROUNDUP(E1/(SUMPRODUCT(B2:B4,C2:C4)/SUM(B2:B4)),0)
```

వాటా గడుల్లో ఈ నెల అమ్మిన లీటర్లే నేరుగా వేసినా పనిచేస్తుంది. కొత్త సరుకు వరుస చేర్చితే మూడు చోట్లా B4, C4లు B5, C5లుగా మారాయో లేదో చూసుకోండి. మారకపోతే ఫార్ములా తప్పు చెప్పదు, కొత్త సరుకును పట్టించుకోకుండా పాత జవాబే ఇస్తుంది.

చివరగా మీ 55,800 గురించి. మీ జీతం కలిపి వేశారు, అది సరైన పని, చాలామంది వేయరు. వడ్డీ ఉంది, అరుగుదల ఉంది. కానీ బ్యాంకు కంతులో అసలు భాగం లేదు. లాభనష్టాల లెక్కకు అది ఉండకూడదు, నిజమే. కానీ 600 లీటర్లు అమ్మిన నెలలో నష్టం లేకపోయినా ఐదో తారీకున కంతు కట్టడానికి డబ్బు చాలకపోవచ్చు. దానికి ఇంకో బ్రేక్ ఈవెన్ వేసుకోవాలి: అరుగుదల 6,500 జేబులోంచి పోయేది కాదు కాబట్టి తీసేయండి, కంతులో అసలు ఎంతో అది కలపండి. అసలు 9,000 అనుకుంటే 58,300 అవుతుంది, 93తో భాగిస్తే 627 లీటర్లు. హాస్టళ్లకూ హోటళ్లకూ అరువు ఇస్తుంటే ఈ 627 కూడా చాలదు, ఎందుకంటే అమ్మిన లీటరు డబ్బు ఆ నెల చేతికి రాదు. మీ పాస్‌బుక్‌లో అసలు, వడ్డీ విడివిడిగా ఎంతో చూసి రాయండి, చెక్క ఏ రేటుకు పోతోందో కూడా రాయండి. ఆ రెండూ తెలిస్తే మీ సొంత అంకె వేసి పెడతాను.